సీనియర్ రౌండ్‌లో రెండు పేజీల డిజైన్ డాక్: "ఆల్టర్నేటివ్స్ నిజమైనవి కావు" అని కొట్టేశారు

మారతహళ్ళి_మురళి

పదకొండేళ్ళ అనుభవం నాది. మొన్న బుధవారం బెళ్ళందూరులో ఒక ప్రాడక్ట్ కంపెనీలో సీనియర్ పోస్టుకి ఇంటర్వ్యూ. కోడింగ్ రౌండ్ బాగానే పోయింది. తర్వాత ఒక గదిలో కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ చేతికిచ్చి, "90 నిమిషాల్లో రెండు పేజీల డిజైన్ డాక్ రాయండి, ఆ తర్వాత అరగంట దాని మీదే మాట్లాడదాం" అన్నారు. బోర్డు మీద డబ్బాలు గీసి బాణాలు పెట్టే రౌండ్ అనుకుని వెళ్ళినవాణ్ణి, కాసేపు చేతులు ఆడలేదు.

ప్రశ్న ఇదీ. ఆర్డర్ కన్ఫర్మ్ అయితే కస్టమర్‌కి ఎస్‌ఎంఎస్ పోవాలి. ఇప్పుడున్న సర్వీస్ డేటాబేస్‌లో స్టేటస్ మార్చి, వెంటనే ఎస్‌ఎంఎస్ గేట్‌వేని పిలుస్తుంది. రోజుకి 50,000 ఆర్డర్లు, సేల్ రోజు మొదటి 20 నిమిషాలు సెకనుకి 30. కొన్ని ఆర్డర్లకి మెసేజ్ వెళ్ళడం లేదు. ఎన్నిటికి వెళ్ళడం లేదో ఎవరికీ తెలియదు, కస్టమర్ కేర్‌కి మాత్రం ఫోన్లు వస్తున్నాయి. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, టీమ్‌లో నలుగురే. గోల్స్, చూసి వద్దనుకున్న ఆల్టర్నేటివ్స్, రిస్కులు తప్పకుండా ఉండాలన్నారు.

నిన్న మెయిల్ వచ్చింది. రిజెక్ట్. కారణం ఒక్క లైను: ఆల్టర్నేటివ్స్ నిజమైనవి కావు, రిస్కులు ఏ సిస్టమ్‌కైనా సరిపోతాయి. దీనికి అర్థం ఎవరైనా చెబుతారా? మూడు ఆల్టర్నేటివ్స్ రాశాను, ఆరు రిస్కులు రాశాను. ఇంకేం కావాలి వీళ్ళకి?

పెరుగన్నం_ప్రో

రిజెక్ట్ చేసి కారణం కూడా చెప్పారా? ఆ హెచ్ఆర్‌కి దండం పెట్టాలి. నాకు మూడు కంపెనీల నుంచి ఇంకా "వి విల్ గెట్ బ్యాక్" నడుస్తోంది. ఒకటి 2022 నుంచి.

గోదారి_గట్టు

డిజైన్ డాక్యుమెంట్ అంటే హెచ్ఎల్‌డీ ఒకటి, ఎల్‌ఎల్‌డీ ఒకటి. కవర్ పేజీ, వెర్షన్ హిస్టరీ, అప్రూవర్ల పట్టిక, తర్వాత సీక్వెన్స్ డయాగ్రాములు. మా ప్రాజెక్టులో టెంప్లేటే 60 పేజీలు. రెండు పేజీల్లో అది ఎలా పడుతుంది? వాళ్ళకే క్లారిటీ లేనట్టుంది.

రంగులరాణి

టైటిల్ చూసి వచ్చాను. డిజైన్ రౌండ్‌కి ఫిగ్మా ఫైల్ పంపాలా, పీడీఎఫ్ పంపాలా అని నేనే ఒక పోస్టు పెడదామనుకుంటున్నా. ఇది ఆ డిజైన్ కాదని మూడో పేరాలో అర్థమైంది. అయినా కూర్చుంటాను, గొడవ బాగుండేలా ఉంది.

మారతహళ్ళి_మురళి

@గోదారి_గట్టు నేనూ మొదట అలాగే మొదలుపెట్టాను. మొదటి పావుగంట వెర్షన్ హిస్టరీ పట్టికకే పోయింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నా డాక్‌లో ఉన్నది గుర్తున్నంతవరకు రాస్తాను. గోల్స్: స్కేలబుల్‌గా ఉండాలి, రిలయబుల్‌గా ఉండాలి, తక్కువ లేటెన్సీ, మెయింటెయిన్ చేయడానికి సులువు. ఎంచుకున్నది: కాఫ్కా, దాని మీద ఒక నోటిఫికేషన్ సర్వీస్. ఆల్టర్నేటివ్స్: ఒకటి, ఏమీ మార్చకుండా వదిలేయడం. రెండు, ర్యాబిట్ఎంక్యూ. మూడు, అన్నీ మళ్ళీ మొదటి నుంచి మైక్రోసర్వీసులుగా రాయడం. రిస్కులు: సర్వర్ పడిపోవచ్చు, నెట్‌వర్క్ పోవచ్చు, ట్రాఫిక్ పెరగొచ్చు, డేటా లీక్ కావచ్చు, టీమ్‌కి కొత్త టెక్నాలజీ, డెడ్‌లైన్.

సీతక్క_కోరమంగళ

మురళీ, నేను ఆ కుర్చీకి అవతలివైపు కూర్చుంటాను. మీ కంపెనీలో కాదులే. ఈ తరహా డాక్‌లు నెలకి నాలుగైదు చదువుతాను. నీ డాక్‌లో తప్పు ఆల్టర్నేటివ్స్ దగ్గర మొదలు కాలేదు, గోల్స్ దగ్గరే మొదలైంది.

"రిలయబుల్‌గా ఉండాలి" అన్న గోల్ పెట్టుకుని నీ మూడు ఆల్టర్నేటివ్స్‌లో ఒక్కదాన్నైనా కొట్టేసి చూడు. కొట్టేయలేవు. ర్యాబిట్ఎంక్యూ రిలయబులేనా? ఔను. కాఫ్కా? అదీ ఔను. మరి ఒకటి తీసుకుని ఇంకోటి ఎందుకు వద్దన్నావు? నీ డాక్‌లో జవాబు లేదు, ఉండే అవకాశమూ లేదు. గోల్ ఎలా ఉండాలంటే, అది చదవగానే కనీసం ఒక దారి మూసుకుపోవాలి.

ముందు అసలు మెసేజ్‌లు ఎందుకు తప్పిపోతున్నాయో రెండు లైన్లు రాయాలి. డేటాబేస్‌లో స్టేటస్ కమిట్ అయింది. గేట్‌వేని పిలిచేలోపు ఆ ప్రాసెస్ చచ్చిపోయింది. కొత్త బిల్డ్ డిప్లాయ్ చేస్తే చాలు, పాత పాడ్ అలాగే పోతుంది. ఆర్డర్ ఉంది, మెసేజ్ లేదు, దాని గుర్తు కూడా ఎక్కడా లేదు. పోనీ వరస తిప్పి ముందు మెసేజ్ పంపి తర్వాత కమిట్ చేద్దామంటే, కమిట్ ఫెయిలైన రోజు లేని ఆర్డర్‌కి "మీ ఆర్డర్ కన్ఫర్మ్ అయింది" అని పోతుంది. రెండు చోట్ల రాయాలి, రెండిటికీ కలిపి ఒక ట్రాన్సాక్షన్ లేదు. రోగం ఇది. కాఫ్కా తెచ్చి మధ్యలో పెట్టినా రోగం అక్కడే ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడు నువ్వు డేటాబేస్‌కీ కాఫ్కాకీ విడివిడిగా రాస్తున్నావు.

నేనైతే గోల్స్ ఇలా రాస్తాను. కమిట్ అయిన ప్రతి ఆర్డర్‌కీ కనీసం ఒక మెసేజ్ గేట్‌వేకి చేరాలి. నూటికి 99 మెసేజ్‌లు కమిట్ అయిన 30 సెకన్లలోపు చేరాలి, సేల్ రోజు కూడా. గేట్‌వే గంటసేపు పడిపోయినా ఆర్డర్లు ఆగకూడదు. చేరనివి ఎన్ని అన్న లెక్క ఎప్పుడైనా కనపడాలి. కింద ఒక లైను: ఒకే మెసేజ్ అరుదుగా రెండుసార్లు వెళ్ళినా పర్వాలేదు. ఈ ఆఖరి లైనే చాలా దారులు తెరుస్తుంది, అందుకే అది రాయడానికి ధైర్యం కావాలి.

నైట్‌షిఫ్ట్_నాని

రెండుసార్లు వెళ్ళడం ఎందుకు ఒప్పుకోవాలి అక్కా? కాఫ్కాలో ఎగ్జాక్ట్లీ వన్స్ ఉంది కదా, 2017 నుంచే ఉంది. ట్రాన్సాక్షన్లు ఆన్ చేస్తే ఒక్కసారే వెళ్తుంది. మురళి కాఫ్కా తీసుకోవడం కరెక్టే, ఆ ఒక్క లైను రాసి ఉంటే పాసయ్యేవాడు.

సీతక్క_కోరమంగళ

నానీ, ఉన్న మాట నిజం. కానీ అది కాఫ్కా లోపలి మాట. ఒక టాపిక్ నుంచి చదివి, ఏదో చేసి, ఇంకో టాపిక్‌లో రాస్తే ఆ మొత్తం ఒక్కసారే జరిగినట్టు ఉంటుంది. నువ్వు మధ్యలో గేట్‌వేకి ఫోన్ కొట్టావనుకో, ఆ ఫోన్ కాఫ్కా ట్రాన్సాక్షన్‌లో లేదు. మెసేజ్ వెళ్ళిపోయింది, ఆఫ్‌సెట్ కమిట్ అయ్యేలోపు ప్రాసెస్ పోయింది, లేచాక మళ్ళీ అదే చదువుతుంది, మళ్ళీ పంపుతుంది. గేట్‌వే వాడు మన ఐడీ చూసి రెండోది ఆపేస్తేనే నిజంగా ఆగుతుంది.

ఇంటర్వ్యూలో ఈ మాట రాసినవాళ్ళని నేను తప్పకుండా ఇక్కడే పట్టుకుంటాను. చాలామంది నీలాగే సగం దూరం వచ్చి ఆగిపోతారు.

నైట్‌షిఫ్ట్_నాని

సగం దూరం వచ్చానంటే సగం జీతం ఇస్తారా మరి

వడపళని_వాసి

నేను చెన్నై బ్యాచ్. ఇదే ప్రశ్న, కొంచెం మార్చి, ఓఎంఆర్‌లో ఒక చోట నాకూ వచ్చింది. నేను అవుట్‌బాక్స్ రాశాను. ఆర్డర్ మార్చే ట్రాన్సాక్షన్‌లోనే ఇంకో టేబుల్‌లో "ఈ మెసేజ్ పంపాలి" అని ఒక వరస రాసేస్తాం. రెండూ ఒకే డేటాబేస్ కాబట్టి ఉంటే రెండూ ఉంటాయి, పోతే రెండూ పోతాయి. పక్కన ఒక వర్కర్ ఆ టేబుల్ చూస్తూ పంపుతుంటుంది.

```sql
BEGIN;
UPDATE orders SET status = 'CONFIRMED' WHERE id = 4711;
INSERT INTO outbox (order_id, type)
VALUES (4711, 'ORDER_CONFIRMED');
COMMIT;
```

అయినా నన్నూ కొట్టేశారు. ఎందుకంటే వర్కర్ గురించి రాస్తూ "ఆఖరుగా పంపిన ఐడీ గుర్తుపెట్టుకుని, దానికన్నా పెద్ద ఐడీలు చదువుతుంది" అన్నాను. ఆయన పెన్ను తీసి అడిగాడు: 101 తీసుకున్న ట్రాన్సాక్షన్ నెమ్మదిగా ఉంది, 102 తీసుకున్నది ముందే కమిట్ అయింది, నీ వర్కర్ 102 చూసి ముందుకెళ్ళిపోయింది, ఇప్పుడు 101 కమిట్ అయింది, దాన్ని ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. ఐడీ ఇచ్చే వరస, కమిట్ అయ్యే వరస ఒకటి కావు. మెసేజ్ పోకూడదని కట్టిన ఇంట్లోనే మెసేజ్ పోయే కన్నం పెట్టాను. ఇంటికొచ్చి మా ఆఫీసు కోడ్ చూస్తే అక్కడా అదే ఉంది. రెండేళ్ళుగా నడుస్తోంది. మర్నాడు మెల్లగా ఫిక్స్ చేసి పీఆర్‌కి "మైనర్ క్లీనప్" అని పేరు పెట్టాను.

పెరుగన్నం_ప్రో

మైనర్ క్లీనప్ 🙏 అన్నా, నువ్వు సీనియర్‌వే. ఆ కంపెనీకి తెలియలేదు అంతే.

సీతక్క_కోరమంగళ

@వడపళని_వాసి మంచి కేసు. దాన్ని తప్పించడానికి ఐడీ పోలిక మానేసి, పంపిన టైమ్ ఖాళీగా ఉన్న వరసల్నే అడగాలి.

```sql
SELECT * FROM outbox
WHERE sent_at IS NULL
ORDER BY id
LIMIT 100
FOR UPDATE SKIP LOCKED;
```

ఆలస్యంగా కమిట్ అయిన 101 తర్వాతి విడతలో దొరుకుతుంది. ఆఖరి రెండు మాటల వల్ల రెండు వర్కర్లు ఒకే వరస కోసం కొట్టుకోవు. పోస్ట్‌గ్రెస్‌లో 9.5 నుంచి ఉంది, 2016 నాటి మాట.

ఇక మురళి ఆల్టర్నేటివ్స్ సంగతి. "ఏమీ చేయకుండా వదిలేయడం", "అన్నీ మళ్ళీ రాయడం", ఈ రెండూ ఓడిపోవడానికే నిలబెట్టిన అభ్యర్థులు. డిపాజిట్ పోతుందని అందరికీ తెలుసు. ర్యాబిట్ఎంక్యూ అయితే అభ్యర్థే కాదు, నీ కాఫ్కాకి తమ్ముడు. క్యూ బ్రాండ్ మార్చడం వేరే డిజైన్ కాదు, దానిలోనూ అదే రెండుచోట్ల రాసే రోగం ఉంది.

నిజమైన ఆల్టర్నేటివ్ అంటే, తెలివైన కొలీగ్ ఒకరు పక్కన కూర్చుని దాని తరఫున పది నిమిషాలు వాదించగలగాలి. ఈ ప్రశ్నకి నాకు కనపడేవి అవుట్‌బాక్స్ కాక ఇంకో రెండు. ఒకటి, డేటాబేస్ లాగ్ నుంచే మార్పులు చదివి కాఫ్కాలోకి పంపే డెబీజియం పద్ధతి. రెండోది, ఉన్న కోడ్‌కే రెండు మూడుసార్లు రీట్రై పెట్టడం.

రీట్రైని ఒక్క వాక్యంలో కొట్టేయొచ్చు: రీట్రై చేసే ప్రాసెసే చచ్చిపోతే రీట్రై లేదు, మొదటి గోల్ పోయింది. డెబీజియంని అలా కొట్టేయలేం. అది నాలుగు గోల్స్‌నీ అందుకుంటుంది. వద్దనడానికి కారణం లెక్కలో ఉంది. రోజుకి 50,000 అంటే సగటున సెకనుకి ఒకటి కూడా కాదు. పీక్ 30. వర్కర్ సెకనుకోసారి లేచి 100 తీసుకుంటే సెకనుకి 100 పంపినట్టు, అంటే పీక్‌కి మూడింతలు. దీనికోసం కాఫ్కా, కనెక్ట్ క్లస్టర్ రెండూ నలుగురు మనుషుల నెత్తిన పెట్టి రాత్రి ఆన్‌కాల్ చేయించడం దండగ. కింద ఒక లైను కలపాలి: ఇదే ఈవెంట్ రేపు ఇంకో నాలుగైదు టీమ్‌లకి కావాలంటే డెబీజియంకి మారతాం. ఎప్పుడు మారతావో రాస్తే, నువ్వు దాన్ని నిజంగానే తూచావని నమ్ముతాను.

రెండో_కాఫీ

సీతక్క గారూ, మిగతాదంతా ఒప్పుకుంటాను, సెకనుకి 100 అన్నది ఒప్పుకోను.

100 వరసలు తీసుకోవడం సెకనుకోసారి. పంపడం? గేట్‌వేకి ఒక్కో కాల్ 200 మిల్లీసెకన్లు అనుకోండి. ఒక్కొక్కటిగా పంపితే సెకనుకి 5. వంద పంపడానికి 20 సెకన్లు. సేల్ మొదలయ్యాక సెకనుకి 30 వస్తున్నాయి, 5 పోతున్నాయి, 25 పోగవుతున్నాయి. 20 నిమిషాలు అంటే 1,200 సెకన్లు. 30,000 మెసేజ్‌లు క్యూలో. ఆ తర్వాత కొత్త ఆర్డర్ ఒక్కటీ రాకపోయినా అవి ఖాళీ అవ్వడానికి 6,000 సెకన్లు, అంటే 100 నిమిషాలు. మీ 30 సెకన్ల గోల్ సేల్ రోజే పోయింది, అది కూడా మీరు "సేల్ రోజు కూడా" అని రాసుకున్న గోల్.

పైగా ఆ 20 సెకన్లూ 100 వరసల మీద తాళం వేసి ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచుతున్నారు.

సీతక్క_కోరమంగళ

నిజమే. తప్పు నాదే. చదివే వేగాన్ని పంపే వేగం అనుకున్నాను. ఇంటర్వ్యూలో ఇదే తప్పు పట్టుకుని ఒకతన్ని చూసి నవ్వాను కూడా, నోరు మూసుకుంటాను.

వర్కర్లని 8 చేస్తే సెకనుకి 40 వస్తుంది, తాళాలు దాటవేస్తాయి కాబట్టి ఒకదానికొకటి అడ్డం రావు. విడతకి 100 బదులు 10 తీసుకోవాలి, తాళం రెండు సెకన్లే ఉంటుంది. డిజైన్ నిలబడుతుంది, కానీ నేను రాసిన లెక్కతో కాదు.

నైట్‌షిఫ్ట్_నాని

సీతక్కకి కూడా సగం జీతమే

రంగులరాణి

పాప్‌కార్న్ అయిపోయింది, ఎవరైనా మిరపకాయ బజ్జీ పంపండి. వేలూ లక్షలూ కాదు, 8 వర్కర్లు. ఇంజనీర్లు ఇంత చిన్న అంకెల కోసం కొట్టుకుంటారని తెలియదు.

వడపళని_వాసి

నాకు ఇంకో అనుమానం. సీతక్క రెండు ఆల్టర్నేటివ్స్ చెప్పారు కానీ అన్నిటికన్నా చవకైనది వదిలేశారు. ఉన్న కోడ్ అలాగే ఉంచి, ఆర్డర్ టేబుల్‌లో "మెసేజ్ వెళ్ళింది" అని ఒక కాలమ్ పెట్టడం. ఐదు నిమిషాలకోసారి ఒక జాబ్ లేచి, కన్ఫర్మ్ అయి మెసేజ్ వెళ్ళనివి ఏరి పంపడం. రెండు రోజుల పని. తప్పిపోయేవి నూటికి ఒకటి కన్నా తక్కువే అయితే, 99 శాతం 30 సెకన్లలో అన్న మీ గోల్‌ని ఇది కూడా దాటేస్తుంది కదా?

సీతక్క_కోరమంగళ

దాటేస్తుంది. దీని తరఫున పది నిమిషాలేం, అరగంట వాదించొచ్చు. దీనికి అడ్డొచ్చేది మూడో గోల్. ఇందులో ఆర్డర్ రిక్వెస్ట్ ఇంకా గేట్‌వే జవాబు కోసం ఆగుతూనే ఉంది. గేట్‌వే మెల్లబడితే ఆర్డర్ పేజీ కూడా మెల్లబడుతుంది.

రెండో_కాఫీ

టైమవుట్ ఒక సెకను పెట్టి, రాకపోతే వదిలేయ్. జాబ్ చూసుకుంటుంది. మూడో గోల్ కూడా అయిపోయింది. నేనైతే ఇదే ఎంచుకుంటాను, అవుట్‌బాక్స్‌ని ఆల్టర్నేటివ్స్‌లో పెడతాను.

సీతక్క_కోరమంగళ

సెకను ఆగడమంటే గేట్‌వే పడిపోయిన గంటంతా ప్రతి ఆర్డరూ సెకను ఆలస్యం. దాన్ని "ఆగలేదు" అంటావా? పైగా ఎంతమందికి మెసేజ్ పోవడం లేదో తెలియదని ప్రశ్నలోనే ఉంది. నూటికి ఒకటి కన్నా తక్కువ అన్నది మన ఊహ. నేను అవుట్‌బాక్స్ దగ్గరే ఉంటాను. కానీ నువ్వు చెప్పినది ఎవరైనా రాసి నా ముందు పెడితే పాస్ చేస్తాను, అందులో సందేహం లేదు.

గోదారి_గట్టు

ఇద్దరూ ఒకే ప్రశ్నకి వేరే జవాబు రాసి ఇద్దరూ పాస్ అయితే, కరెక్ట్ జవాబు ఏది మరి? మార్కులు ఎలా వేస్తారు?

రెండో_కాఫీ

@గోదారి_గట్టు సిల్క్ బోర్డ్ మీదుగా వెళ్ళాలా, సర్జాపూర్ రోడ్డు పట్టాలా అని మా క్యాబ్ డ్రైవర్‌ని అడిగితే రెండిటికీ కారణం చెప్తాడు. ఏ టైమ్‌కి బయల్దేరుతున్నావు సార్ అని ముందు అడుగుతాడు. అడగకుండా యాక్సిలరేటర్ తొక్కేవాడికి మార్కులుండవు.

మారతహళ్ళి_మురళి

ఇంత జరుగుతుంటే నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నా. చదివితే తల తిరిగింది. గోల్స్, ఆల్టర్నేటివ్స్ అర్థమయ్యాయి. రిస్కుల సంగతి ఎవరూ చెప్పలేదు. సర్వర్ పడిపోవచ్చు అన్నది రిస్క్ కాదా?

సీతక్క_కోరమంగళ

నువ్వు ఎంచుకున్న డిజైన్ వల్ల కొత్తగా పుట్టినదే అక్కడ రాయాలి. సర్వర్ నువ్వు ఏది కట్టినా పడిపోతుంది. అవుట్‌బాక్స్ వల్ల పుట్టేది ఏంటి? వర్కర్ ఆగిపోతే ఎవరికీ తెలియదు. ఇదివరకు గేట్‌వే కాల్ ఫెయిలైతే ఆర్డర్ లాగ్‌లో ఎర్రగా కనపడేది. ఇప్పుడు ఆర్డర్లు పచ్చగా ఉంటాయి, మెసేజ్‌లు చప్పుడు లేకుండా పోగవుతుంటాయి. కాబట్టి రిస్క్ రాసి, పక్కనే దాన్ని ఎలా పసిగడతావో రాయాలి: పంపని వాటిలో అన్నిటికన్నా పాత వరస వయసు ఎంత? అది 60 సెకన్లు దాటితే ఆన్‌కాల్‌కి ఫోన్ మోగాలి. ఎన్ని ఉన్నాయి అన్న లెక్క చాలదు. ఒకే ఒక్క వరస ఇరుక్కుని రెండు రోజులుగా పడి ఉంటే లెక్క ఒకటే చూపిస్తుంది, వయసు మాత్రం అరుస్తుంది.

వడపళని_వాసి

ఆ ఇరుక్కునే వరస గురించే. నంబర్ తప్పుగా ఉన్న ఆర్డర్, గేట్‌వే ప్రతిసారీ తిప్పికొడుతుంది. వరస ప్రకారం తీస్తాం కాబట్టి అది ప్రతి విడతలో మొదట వస్తుంది. అలాంటివి ఓ పది చేరితే, విడతకి పదే తీస్తాం కదా, వర్కర్ వాటినే తిప్పుతూ కూర్చుంటుంది. ఎన్నిసార్లు ప్రయత్నించామో లెక్క పెట్టి, ఐదు దాటితే పక్కకి తీసేయాలి. నా రెండో ఇంటర్వ్యూలో ఇది రాశాను. అక్కడ పాస్.

నైట్‌షిఫ్ట్_నాని

ఇండియాలో ఇంకోటి. ఎస్‌ఎంఎస్ టెంప్లేట్ టెలికాం ఆపరేటర్ల డీఎల్‌టీ పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. మార్కెటింగ్ వాళ్ళు మెసేజ్‌లో ఒక మాట మార్చి రిజిస్టర్ చేయకపోతే ఆపరేటర్ ఆపేస్తాడు. గేట్‌వే మాత్రం "తీసుకున్నాను" అనే జవాబిస్తుంది, తర్వాత రిపోర్టులో ఫెయిల్ అని వస్తుంది. మా దగ్గర ఒక మధ్యాహ్నం మొత్తం ఇలాగే పోయింది. మన కోడ్ ప్రకారం అన్నీ పంపినట్టే.

సీతక్క_కోరమంగళ

ఇదిగో, ఇది పూర్తి జీతం పోస్టు. ఎక్కడ పెట్టాలో చూడు మురళీ. గోల్‌లో "గేట్‌వేకి చేరాలి" అన్నాం, "ఫోన్‌కి చేరాలి" అనలేదు. అందుకే నాన్ గోల్స్ అని ఒక రెండు లైన్లు ఉండాలి: ఫోన్‌లో మోగేదాకా బాధ్యత ఈ డిజైన్‌ది కాదు, డెలివరీ రిపోర్టులు చదవడం తర్వాతి విడత. ఓటీపీలు కూడా ఈ దారిలో రావు, వాటికి 30 సెకన్లు చాలా ఎక్కువ.

రెండో_కాఫీ

ఇక్కడ నాకు తేడా ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్లు వస్తున్నాయి అన్నదే కదా మొదటి బాధ? కస్టమర్‌కి కావాల్సింది ఫోన్‌లో మోగడం. దాన్ని నాన్ గోల్‌లో పెట్టి చేతులు దులుపుకుంటే, డాక్ పచ్చగా ఉంటుంది, ఫోన్లు ఆగవు. నేను ఇంటర్వ్యూ చేస్తే ఆ లైను మీదే అడుగుతాను.

సీతక్క_కోరమంగళ

అడుగు. అడిగితే జవాబు చెప్పడానికే అక్కడ రాశాం. రాయకపోతే అది మర్చిపోయినట్టు.

రెండో_కాఫీ

ఒప్పుకోను, కానీ ఇవాళ్టికి వదిలేస్తున్నా.

పెరుగన్నం_ప్రో

నా బాధ వేరు. 90 నిమిషాలు కూర్చోబెట్టి వాళ్ళ కంపెనీలో నిజంగా ఉన్న సమస్యకి మన చేత ఫ్రీగా డాక్ రాయించుకుంటున్నారేమో? పది మంది క్యాండిడేట్లు, పది డిజైన్లు, కన్సల్టెంట్ ఖర్చు మిగిలె.

వడపళని_వాసి

పదిలో తొమ్మిదింట్లో "స్కేలబుల్‌గా ఉండాలి" అని ఉంటుంది. దాంతో ఏం చేసుకుంటారు వాళ్ళు?

మారతహళ్ళి_మురళి

నా మీద పడ్డావేంటి అన్నా 😄

సరే, 90 నిమిషాలు ఎలా పంచుకోవాలో ఒక్కమాట చెప్పండి. వచ్చే శుక్రవారం వైట్‌ఫీల్డ్‌లో ఇంకో చోట ఇదే తరహా రౌండ్.

సీతక్క_కోరమంగళ

నేను రాస్తే మొదటి ఇరవై నిమిషాలు టైప్ చేయను. ప్రశ్నలో ఉన్న అంకెలన్నీ కాగితం మీద వేసుకుని గుణించి చూస్తాను. తర్వాత గోల్స్, వెంటనే ఆల్టర్నేటివ్స్. ఎంచుకున్న డిజైన్ వివరం ఆ తర్వాతే, అది పేజీలో సగానికి మించనివ్వను. నువ్వు బహుశా గంటసేపు కాఫ్కా టాపిక్‌ల పేర్లు రాసి ఉంటావు.

మారతహళ్ళి_మురళి

టాపిక్‌లు, పార్టిషన్లు, రిటెన్షన్ ఏడు రోజులు. అన్నీ రాశాను. కెమెరా పెట్టారా అక్కడ?

మారతహళ్ళి_మురళి

మళ్ళీ నేనే. సీతక్క చెప్పినట్టు అంకెలు కాగితం మీద వేద్దామని పాత ప్రశ్న తెరిచాను, వాళ్ళు మెయిల్‌లో కూడా పంపారు. ఆఖరి లైను ఇప్పుడు చదివాను: "గేట్‌వే సగటు జవాబు సమయం 250 మిల్లీసెకన్లు." ఆ రోజు ఇది నా కంటికే ఆనలేదు.

అంటే ఒక వర్కర్ సెకనుకి 4. ఎనిమిది పెడితే 32. పీక్ 30. సరిపోతుంది కదా?

రెండో_కాఫీ

32కి 30 అంటే గొంతు దాకా వచ్చినట్టే. 250 సగటు మాత్రమే, సేల్ రోజు గేట్‌వే కూడా ఆయాసపడుతుంది. కాస్త మెల్లబడి 300 అయితే ఎనిమిదీ కలిపి 27 కూడా దాటవు, మళ్ళీ పోగవడం మొదలు. 12 పెట్టు.

వడపళని_వాసి

12 పెడితే సెకనుకి 48 కాల్స్. గేట్‌వే వాడు మనకి సెకనుకి ఎన్ని ఒప్పుకుంటాడు? లిమిట్ ఏమైనా రాశారా ప్రశ్నలో?

మారతహళ్ళి_మురళి

మూడుసార్లు చదివాను. రాయలేదు.

సీతక్క_కోరమంగళ

అయితే రిస్కుల్లో మొదటి లైను దొరికినట్టే. శుక్రవారం ఇలాంటిది కనపడితే పెన్ను పక్కన పెట్టి వెళ్ళి వాళ్ళనే అడుగు.